ఇంధనం అయిపోతే సూర్యుడు చల్లారాలి కదా, ఉబ్బడం ఎందుకు?

పర్లాకిమిడి_పద్మ
మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఒడియా మీడియం. ఇంటికొచ్చాక మాత్రం అన్నీ తెలుగులోనే చెప్పమంటుంది. పుస్తకంలో సూర్యుడిలాంటి నక్షత్రం గురించి ఒక బొమ్మ ఉంది. గ్యాసు మేఘం, తర్వాత మామూలు నక్షత్రం, తర్వాత ఎర్రటి పెద్ద గోళం, ఆఖర్న చిన్న తెల్ల చుక్క. మధ్యలో బాణాలు గీసి వదిలేశారు. "ఇంధనం అయిపోయాక రెడ్ జెయింట్ అవుతుంది" అని కింద ఒక వాక్యం. అమ్మాయి ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. ఇంధనం అయిపోతే చల్లారి ముడుచుకోవాలి గానీ, వందల రెట్లు పెద్దదై వేల రెట్లు ఎక్కువ వెలుగు ఎలా ఇస్తుంది, ఆ వెలుగుకి ఇంధనం ఎక్కడిది అని అడుగుతోంది. వీడియోలు చూశాను. అందరూ "ఉబ్బుతుంది" అనేసి ముందుకెళ్ళిపోతున్నారు. కారణం తెలిసినవాళ్ళు చెప్పండి.

బరంపురం_భాస్కర్
ఆరిపోయే ముందు దీపం ఒక్కసారి భగ్గుమంటుంది చూడండి అక్కా, అదే. ఆ తర్వాత సూపర్‌నోవాగా పేలిపోతుంది.

గుణుపురం_రైతు
రోహిణి కార్తెలో ఇప్పటికే రోళ్ళు పగులుతున్నాయి. వేల రెట్లు అంటే మా జీడితోట ఏం కావాలి? ఎప్పుడు జరుగుతుంది ఇది?

జయపురం_శ్రీను
500 కోట్ల సంవత్సరాల తర్వాత. ఈ ఏడు పిక్కలు ఏరుకోవచ్చు బాబాయ్, టెన్షన్ లేదు.

కోరాపుట్_మాస్టారు
భాస్కర్ బాబూ, దీపం పోలిక ఇక్కడ దారి తప్పిస్తుంది. దీపం ఆఖరి వెలుగు ఒక్క క్షణం. సూర్యుడు మామూలు దశ దాటాక పూర్తిగా ఉబ్బడానికి 200 కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది. ఆ కాలమంతా ఇంధనం మండుతూనే ఉంటుంది. పేలుడు సంగతి తర్వాత చెబుతాను, సూర్యుడికి ఆ యోగం లేదు.

పద్మగారూ, "ఇంధనం ఎక్కడిది" అని అమ్మాయి సరిగ్గా పట్టుకుంది. సూర్యుడిలో హైడ్రోజన్ అయిపోదు, నడిమధ్యలో మాత్రమే అయిపోతుంది. హైడ్రోజన్ హీలియంగా మారాలంటే కోటి డిగ్రీల పైన వేడి కావాలి. సూర్యుడి మధ్యలో 1.5 కోట్ల డిగ్రీలు ఉంది. కేంద్రం నుంచి పావు దూరం బయటికి వచ్చేసరికి ఆ వేడి చాలదు, కాబట్టి అక్కడి నుంచి ఉపరితలం దాకా ఉన్న హైడ్రోజన్ ఊరికే పడి ఉంటుంది.

పైనున్నది కిందికి దిగి మండవచ్చు కదా అనిపిస్తుంది. దిగదు. సూర్యుడిలో పైభాగం, అంటే వ్యాసార్థంలో బయటి 30 శాతం మాత్రమే కిందా మీదా కలిసిపోతూ మరుగుతుంది. లోపలి భాగంలో ఏ పొర ఆ పొరే. అక్కడ వేడి వెలుగు రూపంలో బయటికి పోతుంది తప్ప పదార్థం కదలదు. అందుకే మధ్యలో పుట్టిన హీలియం మధ్యలోనే పోగవుతుంది. మొత్తం బరువులో పదో వంతు మారేసరికి కోర్ ఖాళీ. చుట్టూ కావలసినంత హైడ్రోజన్ ఉన్నా అది అందదు. పుస్తకంలో ఆ వాక్యానికి "మధ్యలో" అన్న మాట కలిపితే సగం గొడవ తీరిపోతుంది.

రాయగడ_రైల్వే
పదో వంతుతో 1000 కోట్ల సంవత్సరాలు ఎలా వస్తాయి? లెక్క కనిపిస్తే గానీ నాకు నమ్మకం కుదరదు.

కోరాపుట్_మాస్టారు
రాసుకోండి. సూర్యుడి బరువు 2×10^27 టన్నులు. అందులో పదో వంతు 2×10^26. సెకనుకి సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియం అవుతోంది, అంటే 6×10^8. భాగిస్తే 3.3×10^17 సెకన్లు. ఏడాదికి 3.15×10^7 సెకన్లు కాబట్టి సుమారు 10^10 సంవత్సరాలు, మన లెక్కలో 1000 కోట్లు. ఇప్పటికి 460 కోట్లు గడిచాయి. శ్రీను చెప్పిన 500 కోట్లు కోర్‌లో హైడ్రోజన్ అయిపోయే సమయం. పూర్తిగా ఉబ్బిన రోజు అది కాదు. దానికి ఇప్పటి నుంచి దాదాపు 760 కోట్లు.

రాయగడ_రైల్వే
సరిపోయింది. ఉజ్జాయింపే అయినా సరిపోయింది. మరి సెకనుకి 60 కోట్ల టన్నులే ఎందుకు? 100 కోట్లు ఎందుకు మండదు? లోపల గేటు పెట్టినవాడెవడు?

పర్లాకిమిడి_పద్మ
నేను అడగబోయింది అదే. పైగా అసలు ప్రశ్న ఇంకా అలాగే ఉంది మాస్టారూ. మధ్యలో ఇంధనం లేకపోతే వెలుగు తగ్గాలి, పెరగడమేంటి?

కోరాపుట్_మాస్టారు
రెండింటికీ జవాబు ఒకటే. నక్షత్రానికి ఒక స్వభావం ఉంది, మన వంటింట్లో చూసేదానికి అది పూర్తిగా తలకిందులు. వేడి పోగొట్టుకున్న వస్తువు చల్లబడుతుంది కదా. నక్షత్రం వేడి పోగొట్టుకుంటే ఇంకా వేడెక్కుతుంది.

ఎలాగో మొదటి దశ దగ్గరే చూడండి. గ్యాసు మేఘం తన బరువుకి తానే కుంగుతుంది. కుంగినప్పుడు లోపల వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయిన కొద్దీ ఒత్తిడి చాలక ఇంకా కుంగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. సూర్యుడు సుమారు 5 కోట్ల సంవత్సరాలు ఇలా కుంగుతూనే వెలిగాడు. చివరికి మధ్యలో వేడి ఫ్యూజన్‌కి, అంటే హైడ్రోజన్ హీలియంగా మారడానికి సరిపడా పెరిగింది. పోయే వేడికి సమానంగా కొత్త వేడి పుట్టడం మొదలైంది, కుంగడం ఆగింది. రైల్వే బాబూ, గేటు అక్కడుంది. ఫ్యూజన్ తగ్గితే కోర్ కాస్త కుంగి వేడెక్కి ఫ్యూజన్ పెరుగుతుంది. ఎక్కువైతే కోర్ కాస్త విప్పారి చల్లబడి తగ్గుతుంది. బయటికి ఎంత పోతుందో అంతే లోపల మండుతుంది.

ఇప్పుడు కోర్‌లో హైడ్రోజన్ అయిపోయింది అనుకోండి. వేడి పోవడం ఆగదు, పుట్టడం ఆగింది. అంటే మళ్ళీ పాత పనే, కుంగడం. కుంగిన కోర్ వేడెక్కుతుంది. దాన్ని ఆనుకుని ఉన్న పొరలో, ఇన్నాళ్ళూ వేడి చాలక పడున్న హైడ్రోజన్ ఇప్పుడు అంటుకుంటుంది. కోర్ చుట్టూ పెంకులా మండుతుంది. ఈ పెంకుకి పాత గేటు పనిచేయదు. దాని వేడిని నిర్ణయించేది కింద ఉన్న కోర్, అంటే హీలియం గుండె బరువు, దాని చిన్నతనం. పెంకులో పుట్టిన హీలియం కిందికి చేరి గుండె బరువెక్కుతుంది, బరువెక్కి ఇంకా కుంగుతుంది, పెంకు ఇంకా వేగంగా మండుతుంది. అందుకే ఇంధనం "అయిపోయాక" మంట పెరుగుతూ పోతుంది.

జయపురం_శ్రీను
లోపల కుంగితే బయట ఉబ్బడమేంటి మాస్టారూ? అంతా ఒకే బంతి కదా.

సునాబేడ_స్వాతి
నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. మాస్టారు ఒప్పుకుంటే ఒక మాట. పెంకులో పుట్టే శక్తి పెరిగేసరికి అంత శక్తిని పైపొరలు ఉన్న పరిమాణంలో బయటికి పంపలేవు. కొంత శక్తి వాటిని పైకి ఎత్తడానికే ఖర్చవుతుంది, అవి వెడల్పవుతాయి, ఉపరితలం చల్లబడి ఎర్రబడుతుంది. నాకు అర్థమైన వివరణ ఇది. కానీ మా సార్ దీనితో తృప్తి పడలేదు. వేడి పెరిగిన ప్రతి నక్షత్రమూ ఇలా ఉబ్బదు కదా అంటారు.

కోరాపుట్_మాస్టారు
మీ సార్ చెప్పింది నిజమేనమ్మా. సమీకరణాలు కంప్యూటర్‌కి ఇస్తే ప్రతిసారీ నక్షత్రం ఉబ్బుతుంది, ఆకాశంలోనూ అలాంటివే కనిపిస్తాయి. అందులో తగాదా లేదు. "ఎందుకు" అన్నదాన్ని ఒక్క వాక్యంలో చెప్పమంటే మాత్రం ఈ రంగంలో పెద్దవాళ్ళే ఒకరి వాక్యాన్ని ఒకరు ఒప్పుకోరు. మండే పెంకు అద్దంలా పనిచేస్తుంది, లోపల కుంగితే బయట ఉబ్బుతుంది అని కొందరు చెబుతారు. అది జరిగేదాన్ని వర్ణిస్తుంది గానీ కారణం చెప్పదు. పద్మగారి అమ్మాయికి నువ్వు రాసిందే చెప్పొచ్చు, ఇక్కడ ఇంకా వాదన ఉందని కూడా చెప్పాలి.

సిరోంచ_శంకర్
మహారాష్ట్ర అంచు నుంచి ఒక ప్రశ్న. ఎవరు చూశారు ఇదంతా? మనిషి బతుకు వందేళ్ళు, మీరు వందల కోట్లు అంటున్నారు. ఒక నక్షత్రం పుట్టి ఉబ్బి చిన్నదవడం ఎవరూ చూడలేదు. మా ఊళ్ళో ప్రాణహిత ఒడ్డున రాత్రి కరెంటు పోతే ఆకాశం మొత్తం కనిపిస్తుంది. చిన్నప్పుడు ఎలా ఉన్నాయో ఇప్పుడూ నక్షత్రాలు అలాగే ఉన్నాయి.

సునాబేడ_స్వాతి
శంకర్ అన్నా, ఒకేసారి పుట్టిన గుంపుల్ని పోల్చి చూస్తారు. ఒకే మేఘం నుంచి పుట్టాయి కాబట్టి గుంపులో అన్నిటి వయసూ ఒకటే, బరువులే వేరు. కృత్తికల గుంపు చిన్నది, వయసు 10 కోట్ల పైచిలుకు. అందులో రెడ్ జెయింట్ ఒక్కటీ లేదు. దాని పక్కనే రోహిణి చుట్టూ వి ఆకారంలో కనిపించే హయడీస్ గుంపు వయసు సుమారు 65 కోట్లు. అందులో బరువైన కొన్ని అప్పుడే జెయింట్లయ్యాయి. కర్కాటక రాశిలో M67 అని ఒక గుంపు ఉంది, వయసు దాదాపు 400 కోట్లు, ఇంచుమించు సూర్యుడి ఈడు. అందులో సూర్యుడంత బరువున్నవి ఇంకా మామూలుగానే వెలుగుతున్నాయి. కాస్త బరువైనవి ఉబ్బిపోయాయి. ఇంకా బరువైనవి బొమ్మలో ఆఖర్న ఉన్న చిన్న తెల్ల చుక్కలు, అంటే వైట్ డ్వార్ఫులయ్యాయి. గుంపు పాతబడే కొద్దీ ఎంత బరువు దగ్గర ఉబ్బడం మొదలవుతుందో అది క్రమంగా కిందికి దిగుతుంది. మాస్టారి లెక్క చెప్పే వరుస కూడా అదే.

సిరోంచ_శంకర్
ఊళ్ళో పసివాళ్ళనీ ముసలివాళ్ళనీ ఒకేసారి చూసినట్టన్నమాట. సరే, ఒప్పుకుంటాను. M67 మామూలు బైనాక్యులర్‌కి అందుతుందా?

సునాబేడ_స్వాతి
చీకటి ఉంటే మసక మచ్చలా అందుతుంది అన్నా. నక్షత్రాలు విడివిడిగా కావాలంటే టెలిస్కోపు ఉండాలి. ఫిబ్రవరి, మార్చి రాత్రుల్లో చూడండి.

గుణుపురం_రైతు
రోహిణి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. రోహిణి కార్తెలో ఎండ అంత మండడానికి ఆ నక్షత్రం వేడే కారణమా? అదీ ఉబ్బినదే అంటున్నారు కదా.

కోరాపుట్_మాస్టారు
కాదు బాబూ. కార్తె అంటే ఆ రోజుల్లో సూర్యుడు ఆకాశంలో ఆ నక్షత్రం దగ్గర ఉంటాడని. అందుకే రోహిణి కార్తెలో రోహిణి కనబడదు, సూర్యుడి వెలుగులో మునిగిపోతుంది. చలికాలం సాయంత్రాలు తూర్పున చూడు, ఎర్రగా కనిపిస్తుంది. అది 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, దాని వేడి మన దాకా వచ్చే మాటే లేదు.

కానీ నువ్వు మంచి నక్షత్రాన్నే పట్టుకున్నావు. రోహిణి బరువు సూర్యుడి కంటే కొంచెమే ఎక్కువ. అంటే మన సూర్యుడు నడవబోయే దారిలో ముందు వెళ్తున్నది. హయడీస్ గుంపులో కనిపిస్తుంది గానీ ఆ గుంపుది కాదు, మనకీ ఆ గుంపుకీ మధ్యలో ఉంది. చల్లబడి ఎర్రబడినది ఎక్కువ వెలుగు ఎలా ఇస్తుందో దీని మీదే లెక్క వేద్దాం. రోహిణి ఉపరితలం 3,900 డిగ్రీలు, సూర్యుడిది 5,800. మూడింట రెండు వంతులు. వెలుగు వేడికి నాలుగో ఘాతంలో మారుతుంది కాబట్టి ఒక్కో చదరపు మీటరు నుంచి వచ్చేది సూర్యుడిలో ఐదో వంతే. కానీ వ్యాసార్థం 44 రెట్లు, కాబట్టి ఉపరితలం 44×44, దాదాపు 1,900 రెట్లు. దాన్ని ఐదుతో భాగిస్తే సుమారు 400. అంటే రోహిణి 400 సూర్యుళ్ళంత వెలుగుతోంది.

పర్లాకిమిడి_పద్మ
ఈ లెక్క అమ్మాయి తానే మళ్ళీ వేసుకుంది. ఆరుద్రకి కూడా వేస్తానంటోంది, అదీ ఎర్రదే కదా.

బరంపురం_భాస్కర్
అదిగో ఆరుద్ర! అది పేలబోతోందని వార్తల్లో ఎన్నిసార్లు వచ్చింది. మరి సూర్యుడు పేలడంటారేంటి? చంద్రశేఖర్ లిమిట్ దాటితే పేలుడే అని నేను చదివాను.

కోరాపుట్_మాస్టారు
చదివింది నిజమే, సూర్యుడికి వర్తించదు. ఆరుద్ర పుట్టినప్పుడే సూర్యుడి కంటే పది రెట్లకు పైగా బరువు. దాని దారి వేరు. అమ్మాయి లెక్క వేయొచ్చు గానీ రోహిణి పక్కన పెట్టి ఒకే రకం అనుకోకూడదు. చంద్రశేఖర్ చెప్పిన హద్దు సూర్యుడి బరువుకి 1.4 రెట్లు, అదీ వైట్ డ్వార్ఫ్‌కి. సూర్యుడు ఉబ్బిన కాలంలో పైపొరలు గాలిలా వదిలేసుకుంటూ పోతాడు. ఆఖర్న మిగిలేది ఇప్పటి బరువులో సగం పైచిలుకు. హద్దు దరిదాపుల్లోకి కూడా రాడు.

బరంపురం_భాస్కర్
సరే పేలడు. కానీ హీలియం ఫ్లాష్ అని ఒకటి ఉంది కదా, అదీ పేలుడే.

కోరాపుట్_మాస్టారు
అది అడిగినందుకు సంతోషం. పెంకు మండుతూ మండుతూ హీలియం గుండె సూర్యుడి బరువులో సగానికి దగ్గరవుతుంది, వేడి 10 కోట్ల డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు హీలియం కార్బన్‌గా మారడం మొదలు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఆ గుండె అప్పటికి ఎంత నొక్కుకుపోయిందంటే, దాన్ని నిలబెట్టేది వేడి కాదు. ఎలక్ట్రాన్లు ఒక హద్దు దాటి దగ్గరికి రానివ్వవు, ఆ బిగింపే నిలబెడుతుంది. దానికి వేడితో సంబంధం లేదు. కాబట్టి హీలియం అంటుకుని వేడి పెరిగినా గుండె విప్పారదు, చల్లబడదు. రైల్వే బాబు అడిగిన గేటు ఇక్కడ లేదు. వేడి పెరిగితే మంట పెరుగుతుంది, మంట పెరిగితే వేడి. కొద్దిసేపట్లో గుండెలో పుట్టే శక్తి ఒక గెలాక్సీ వెలుగుతో పోటీ పడుతుంది. బయటి నుంచి చూసేవాడికి మాత్రం ఏమీ కనబడదు. ఆ శక్తి అంతా బిగుసుకున్న గుండెను విప్పడానికే ఖర్చవుతుంది.

ఆ తర్వాత జరిగేది అమ్మాయికి తప్పక చెప్పండి పద్మగారూ. కొత్త ఇంధనం అంటుకుంది కాబట్టి సూర్యుడు ఇంకా పెరగాలి అనుకుంటాం. తగ్గుతాడు! గుండె విప్పారింది కదా, పెంకులో వేడి తగ్గి మంట నెమ్మదిస్తుంది. రెండు వేలకు పైగా ఉన్న వెలుగు యాభై రెట్ల దగ్గరికి దిగుతుంది, పరిమాణం ఇప్పటికి పది రెట్లు. గుండెలో ఇంధనం లేనప్పుడు పెద్దది, ఉన్నప్పుడు చిన్నది. అలా పది కోట్ల సంవత్సరాలు నడిచి, గుండెలో హీలియం కూడా కార్బన్, ఆక్సిజన్ అయిపోయాక మళ్ళీ ఉబ్బుతాడు.

రాయగడ_రైల్వే
బయటికి కనబడని సంగతి లోపల జరిగిందని ఎలా తెలిసింది? శంకర్‌గారి ప్రశ్న నేను మళ్ళీ అడుగుతున్నా.

సునాబేడ_స్వాతి
ఫ్లాష్‌నే చూసినవాళ్ళు లేరు. కానీ దాని ముందు నక్షత్రాన్నీ తర్వాత నక్షత్రాన్నీ వేరు చేయగలుగుతున్నారు. జెయింట్లు లోపల కంపిస్తుంటాయి, ఆ కంపనకి వెలుగు అతి కొద్దిగా ఎగుడుదిగుడవుతుంది. కెప్లర్ టెలిస్కోపు ఆ తేడాల్ని ఏళ్ళ తరబడి కొలిచింది. పెంకు మాత్రమే మండే వాటి కంపనా, గుండెలో హీలియం మండే వాటి కంపనా వేరుగా ఉన్నాయని 2011లో తేలింది. పైకి చూస్తే రెండూ ఒకేలా ఎర్రగా ఉంటాయి.

పర్లాకిమిడి_పద్మ
ఇది వినగానే మా ఇంట్లో రాత్రి భోజనం ఆలస్యమైంది. ఆఖరి ప్రశ్న అడగమంటోంది. రెండోసారి ఉబ్బాక కార్బన్ ఎందుకు అంటుకోదు? కుంగితే వేడెక్కుతుందన్నారు కదా, మళ్ళీ కుంగొచ్చు కదా?

కోరాపుట్_మాస్టారు
అమ్మాయి పేరు ఇక్కడ రాయకండి గానీ నా ఆశీస్సులు చెప్పండి. కార్బన్ అంటుకోవడానికి 60 కోట్ల డిగ్రీల దాకా కావాలి. సూర్యుడి గుండెకి అంత బరువు లేదు. అక్కడికి చేరకముందే ఎలక్ట్రాన్ల బిగింపు కుంగడాన్ని ఆపేస్తుంది. మేఘం నాటి నుంచి నడిచిన కుంగు, వేడెక్కు అన్న ఆట అక్కడితో సరి. పైపొరలు చెదిరి విరజిమ్ముకుపోతాయి. కొన్ని వేల ఏళ్ళు ఆ గ్యాసు మధ్యలోని వేడికి వెలుగుతుంది, తర్వాత మాసిపోతుంది. మిగిలిన గుండే వైట్ డ్వార్ఫ్. దానికి ఇక ఇంధనం అక్కర్లేదు, వేడి పోయినా అది కుంగదు. మొదటిసారిగా మన వంటింటి వస్తువులాగే వేడి పోగొట్టుకుంటూ చల్లబడుతుంది.

చూపించమంటే సిరియస్‌ని చూపించండి, చలికాలంలో అన్నిటికంటే మెరిసేది. అది తిన్నగా నడవకుండా ఊగుతోందని, పక్కన కనిపించని జత ఉండాలని 1844లో బెసెల్ చెప్పాడు. 1862లో అల్వాన్ క్లార్క్ కొత్త టెలిస్కోపు పరీక్షిస్తుంటే ఆ జత కనిపించింది. రెండూ 50 ఏళ్ళకోసారి చుట్టుకుంటాయి, దాన్ని బట్టి బరువు తెలిసింది. దాదాపు సూర్యుడంత. పరిమాణం మాత్రం భూమి కంటే కూడా కొంచెం చిన్నది. ఒక్క ఘనపు సెంటీమీటరు రెండు టన్నులు దాటుతుంది. పుట్టినప్పుడు సూర్యుడి కంటే బాగా బరువైనది లెండి, కానీ ఆఖరి రూపం అదే జాతి.

గుణుపురం_రైతు
మరి భూమి ఏమవుతుంది? నా మొదటి ప్రశ్నకి ఎవరూ తిన్నగా చెప్పలేదు.

సునాబేడ_స్వాతి
అక్కడ రెండు మాటలున్నాయి బాబాయ్. సూర్యుడు బరువు తగ్గితే పట్టు సడలి భూమి దూరం జరుగుతుంది. కానీ ఉబ్బిన సూర్యుడి మీద భూమి ఎత్తే అలలు దాన్ని వెనక్కి లాగుతాయి. 2008లో ష్రోడర్, స్మిత్ వేసిన లెక్కలో సూర్యుడు 256 రెట్లు పెరిగి భూమిని మింగేస్తాడు. బరువు తగ్గే వేగాన్ని కొంచెం మారిస్తే భూమి తప్పించుకునే లెక్కలూ ఉన్నాయి. ఆ వేగం ఇంకా గట్టిగా తెలియదు.

కోరాపుట్_మాస్టారు
నేను మింగేస్తాడనే వైపు. కానీ అంత దూరం పోనక్కర్లేదు. కోర్‌లో హీలియం పెరిగే కొద్దీ సూర్యుడు ఇప్పుడే నెమ్మదిగా ప్రకాశం పెంచుకుంటున్నాడు, 100 కోట్ల సంవత్సరాలకి సుమారు 10 శాతం. ఆ పది శాతానికే సముద్రాలు ఆవిరి పట్టడం మొదలవుతుందని చాలా లెక్కలు చెబుతున్నాయి.

జయపురం_శ్రీను
అంటే నేను చెప్పిన 500 కోట్లలో జీడితోటకి 100 కోట్లే మిగిలాయి. బాబాయ్, అంతర పంట చూసుకో.

గుణుపురం_రైతు
మేఘాలు పెరిగితే ఎండ తగ్గదా? ఆవిరి పైకి లేస్తే మబ్బు పట్టాలి కదా. స్వాతమ్మా, ఇది లెక్కలో వేశారా?

సునాబేడ_స్వాతి
వేశారు బాబాయ్, కానీ ఒక్కొక్కరు ఒక్కోలా వేశారు. ఆవిరి వేడిని పట్టి ఉంచుతుంది, మబ్బు వెలుగుని తిప్పి కొడుతుంది. ఏది గెలుస్తుందన్నదాన్ని బట్టే ఆ 100 కోట్లు అటూ ఇటూ జరుగుతున్నాయి.